కూలి డబ్బు ఖర్చా, లాభమా? ఉపాధి హామీ పనికి వ్యయ–ప్రయోజన లెక్క

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. పబ్లిక్ పాలసీ చదువుతున్నాను. ఉపాధి హామీ పథకం మీద సింపుల్‌గా ఒక కాస్ట్ బెనిఫిట్ అనాలిసిస్ చేసి తెమ్మన్నారు. కూలీలకు ఇచ్చిన డబ్బును ఖర్చులో వేస్తే పథకం నష్టంలా కనిపిస్తోంది. లాభంలో వేస్తే అద్భుతంలా కనిపిస్తోంది. రెండు వైపులా వేస్తే ఒకటికొకటి కొట్టుకుపోతోంది. ఏది సరైనది? రాష్ట్రం మొత్తానికి చెయ్యాలా, ఒక జిల్లాకా? ఇంతవరకు నా దగ్గర ఉన్నది బడ్జెట్ అంకె, పనిదినాల అంకె మాత్రమే.

సమాధానం: రాష్ట్రాన్నీ జిల్లానూ వదిలెయ్యండి. బడ్జెట్‌ను పనిదినాలతో భాగిస్తే సగటు ఖర్చు వస్తుంది, అంతకుమించి ఏమీ రాదు. ఆ డబ్బుతో ఊళ్లో ఏం తయారైంది, పనికి వచ్చినవాళ్లు ఏం వదులుకుని వచ్చారు అన్నవి లేకుండా లాభనష్టాల లెక్క పూర్తి కాదు. రాష్ట్ర స్థాయి మొత్తాల్లో ఆ రెండూ కనపడవు. ఒక గ్రామ పంచాయతీ, ఒకే రకం పని, ఒక ఆర్థిక సంవత్సరం తీసుకోండి. అసైన్‌మెంటుకు ఆ పరిధి చాలు.

పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. కాబట్టి ఉదాహరణ కూడా ఆ మెట్ట నేల నుంచే తీసుకుందాం: వేరుశనగ పండే ఎర్రనేలలో ఇరవై సేద్యపు కుంటలు. ఫారం పాండ్ అని ఆఫీసు కాగితాల్లో ఉండేది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో వీటిని పంట సంజీవని పేరుతో పెద్ద ఎత్తున తవ్వించారు. చిన్న పని, కొలతలు తెలుస్తాయి, రికార్డులు దొరుకుతాయి. కింద నేను వేసే అంకెల్లో కూలి రేటు, చట్టంలోని వాటాలు మాత్రమే నిజమైనవి. మిగతావి పద్ధతి చూపించడానికి వేసుకున్నవి. మీ పంచాయతీ అంకెలు వచ్చాక వాటిని తీసేసి మీవి పెట్టుకోవాలి.

ముందు ప్రభుత్వ ఖాతా చూడండి. ఒక్కో కుంటకు 150 పనిదినాలు, ఇరవైకి 3,000. 2024–25లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ నోటిఫై చేసిన రోజు కూలి రూ.300. అంటే కూలి రూ.9,00,000. నీరు లోపలికి వచ్చే చోట రాతి పరుపు, ఒండ్రు పట్టే గుంట వగైరా సామగ్రికి కుంటకు రూ.15,000 చొప్పున రూ.3,00,000. అప్పటికి పరిపాలన ఖర్చుకు పథకంలో ఉన్న పరిమితి 6 శాతం. దాన్ని పై రెండింటి మొత్తం మీద వేస్తే రూ.72,000. మొత్తం రూ.12,72,000. పరిపాలన ఖర్చును చాలామంది విద్యార్థులు వదిలేస్తారు, ఎందుకంటే పనివారీ రిపోర్టులో అది కనపడదు. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, కంప్యూటర్ ఆపరేటరు లేకుండా ఏ కుంటా తవ్వరు, వాళ్ల జీతాల్లో మన ఇరవై కుంటల వాటా ఇది.

ఈ రూ.12.72 లక్షలు ఖజానా నుంచి పోయిన డబ్బు. సమాజం పోగొట్టుకున్నది ఇంత కాదు. మీ ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. కూలి డబ్బు ఖజానా నుంచి కూలీ ఖాతాకు మారింది, ఖర్చయి మాయమవలేదు. సమాజం మొత్తంగా చూస్తే అది బదిలీ, దానికదే లాభమూ కాదు, నష్టమూ కాదు. మరి కూలీ వైపు నిజంగా పోయింది ఏమిటంటే, ఆ రోజు ఆ మనిషి కుంట దగ్గరికి రాకపోతే ఏం చేసి ఉండేదో అది. దాన్నే పాఠ్యపుస్తకాల్లో షాడో వేజ్ అంటారు.

దాన్ని ఇలా కడతారు. పని జరిగిన నెలల్లో, వందమంది కూలీల్లో ఎంతమందికి వేరే చోట కూలి దొరికేది? 25 మందికి అనుకుందాం. దొరికితే ఎంత వచ్చేది? రూ.400. అంటే సగటున రోజుకు రూ.100 వదులుకున్నారు. మిగతా 75 మందికి బయట కూలి లేదు, అంతమాత్రాన వాళ్ల రోజుకు విలువ సున్నా కాదు. మేకల్ని తోలుకెళ్లడం, కట్టెలు, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు. ఎండలో గడ్డపార పట్టిన శ్రమ కూడా ఉంది. దానికి రోజుకు రూ.40 వేద్దాం: 75 శాతం మీద రూ.30. రెండూ కలిపితే షాడో వేజ్ రూ.130.

ఈ రూ.40 మీద మాస్టారు తప్పక అడుగుతారు. సున్నా వేస్తే ఇంటి పనికి విలువ లేదన్నట్టు అవుతుంది, అదీ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే అయిన పథకంలో. పూర్తి కూలి వేస్తే పల్లెల్లో నిరుద్యోగమే లేదన్నట్టు అవుతుంది. రెండింటి మధ్య ఏదో ఒకటి వేసి, ఎందుకు వేశారో ఒక వాక్యం రాసి, చివర్లో దాన్ని మార్చి చూపిస్తే చాలు. ఆడవాళ్లకు, మగవాళ్లకు బయట దొరికే కూలి వేరు, దొరికే రోజులు వేరు కాబట్టి ఓపికుంటే షాడో వేజ్ కూడా విడివిడిగా కట్టండి.

ఇప్పుడు సమాజం వైపు ఖర్చు: కూలీల సమయం 3,000 × 130 = రూ.3,90,000. సామగ్రి రూ.3,00,000. పరిపాలన రూ.72,000. మొత్తం రూ.7,62,000.

దీనికి తోడు ప్రతి ఏటా వచ్చే రెండు ఖర్చులున్నాయి, మామూలుగా ఎవరూ రాయరు. కుంట భూమిని తింటుంది. 10 × 10 మీటర్ల గుంత, చుట్టూ తవ్విన మట్టి కట్ట కలిపితే కుంటకు దాదాపు 5 సెంట్లు పోతుంది. ఇరవైకి ఒక ఎకరం. ఆ ఎకరంలో ఖర్చులు పోను ఏటా రూ.6,000 మిగిలేదనుకుంటే అది నష్టం. రెండోది పూడిక. తీయకపోతే నాలుగైదు వానాకాలాల్లో కుంట లోతు సగానికి పడిపోతుంది. తీయడానికి కుంటకు ఏటా రూ.1,000, మొత్తం రూ.20,000. ఈ రెండూ కలిపి ఏడాదికి రూ.26,000, రైతు భరించేది.

ఇక లాభం. అసైన్‌మెంట్లు ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే. "కుంట వల్ల మూడెకరాలకు సాగునీరు" అని ఏ ప్రభుత్వ బ్రోచర్ నుంచో తెచ్చి పెడతారు. పెట్టేముందు నీళ్లు కొలవండి. పైన 10 × 10 మీటర్లు, లోతు 2 మీటర్లు, గోడలు ఒకటికి ఒకటి వాలు, అంటే అడుగున 6 × 6. పై వైశాల్యం 100, కింద 36, రెండింటి లబ్ధానికి వర్గమూలం 60. ఈ మూడూ కూడి మూడుతో భాగించి లోతుతో గుణిస్తే సుమారు 131 ఘనపు మీటర్లు. ఎర్రనేలలో, లైనింగ్ లేని కుంటలో, ఇంకుడు, ఆవిరి కలిపి 40 శాతం పోతుందనుకుంటే మిగిలేది 78 ఘనపు మీటర్లు. ఒక ఎకరం 4,047 చదరపు మీటర్లు. స్ప్రింక్లర్‌తో 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే ఎకరానికి 81 ఘనపు మీటర్లు కావాలి. అంటే నిండిన కుంట ఒక ఎకరానికి ఒక్క తడి ఇస్తుంది. అది కూడా సరిగ్గా సరిపోతుందో లేదో. మూడెకరాలు కావాలంటే కుంట మూడుసార్లు నిండాలి, ప్రతిసారీ నిండిన వెంటనే తోడుకోవాలి, ఆ రోజుకు చేలో తడి అవసరం కూడా ఉండాలి. ఇవన్నీ కలిసిరావడం అరుదు.

కాబట్టి కుంటకు ఒక ఎకరం. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వాన ముఖం చాటేస్తే ఆ ఒక్క తడి పంటను నిలబెడుతుంది. ఎకరానికి క్వింటాలున్నర అదనంగా వచ్చిందనుకుందాం. క్వింటాలు రూ.6,000 చొప్పున రూ.9,000. డీజిల్, స్ప్రింక్లర్ అద్దె, అదనపు కాయ కోత కూలి కలిపి రూ.2,000 తీసేస్తే రూ.7,000. ఇది ప్రతి ఏడూ రాదు. వానలు బాగా పడిన ఏడు తడి అవసరమే ఉండదు. అసలే పడని ఏడు కుంటలో నీళ్లే ఉండవు. మధ్యలో ఉన్న ఏళ్లలోనే కుంటకు పని. పదేళ్లలో ఆరు అనుకుంటే సగటున ఏడాదికి రూ.4,200, ఇరవై కుంటలకు రూ.84,000. ఈ 'పదిలో ఆరు'ను ఊహతో రాయకండి. మీ మండలం రోజువారీ వర్షపాతం పదేళ్లది తెచ్చుకుని, పంటకాలంలో రెండు వారాలకు మించి వాన లేని విరామం వచ్చిన ఏళ్లు, ఆ విరామానికి ముందు కుంట నిండేంత గట్టి వాన పడిన ఏళ్లు లెక్కపెట్టండి. రెండూ కలిసిన ఏళ్లే మీ అంకె. ఒక సాయంత్రం పని, మార్కులు మాత్రం ఎక్కువగా వచ్చేది దీనికే.

ఏడాది నికర లాభం: 84,000 నుంచి 26,000 తీస్తే రూ.58,000. కుంట ఆయుష్షు పదేళ్లు, రాబోయే డబ్బును నేటి విలువలోకి తగ్గించే డిస్కౌంట్ రేటు 8 శాతం వేద్దాం. పదేళ్లపాటు ఏటా ఒక రూపాయి వస్తే దాని నేటి విలువ ఈ రేటు దగ్గర రూ.6.71. కాబట్టి 58,000 × 6.71 = సుమారు రూ.3.89 లక్షలు. ఖర్చు రూ.7.62 లక్షలు. నికర ప్రస్తుత విలువ, అంటే NPV, మైనస్ రూ.3.73 లక్షలు.

ఎక్సెల్‌లో వేసేటప్పుడు ఒక తిరకాసు ఉంది. NPV ఫంక్షన్ తనకిచ్చిన మొదటి గడిని ఏడాది చివర వచ్చిన డబ్బుగా తీసుకుంటుంది. తవ్వకం ఖర్చు ఈ రోజే పెట్టింది, దాన్ని కూడా బ్రాకెట్లో పడేస్తే అది కూడా ఒక ఏడాది డిస్కౌంట్ అయి ఖర్చు తక్కువగా కనపడుతుంది. సున్నా సంవత్సరాన్ని బయట ఉంచాలి:

```
B2: -762000      C2 నుంచి L2 వరకు: 58000
=B2+NPV(0.08,C2:L2)
```

ఇంకో సంగతి, వేరుశనగ ధర ఏటా పెరుగుతుందని పెంచుకుంటూ పోతే డిస్కౌంట్ రేటులో కూడా ద్రవ్యోల్బణం ఉండాలి. అన్నీ ఈ ఏటి ధరల్లోనే ఉంచి, ద్రవ్యోల్బణం తీసేసిన రేటు వాడటం సులువు. పై లెక్కలో చేసింది అదే.

ఇప్పుడు మీ సందేహానికి తిరిగొద్దాం. కూలిని రెండు వైపులా వేసినా తప్పు లేదు, పూర్తిగా వేస్తే. ఖర్చు వైపు ఖజానా రూ.12.72 లక్షలు, కూలీలు వదులుకున్నది రూ.3.90 లక్షలు, భూమి, పూడిక పదేళ్లకు రూ.1.745 లక్షలు (26,000 × 6.71). మొత్తం రూ.18.365 లక్షలు. లాభం వైపు కూలి రూ.9.00 లక్షలు, పంట రూ.5.636 లక్షలు (84,000 × 6.71). మొత్తం రూ.14.636 లక్షలు. తేడా మళ్లీ మైనస్ 3.73. ఏ దారిన వెళ్లినా ఒకే చోటికి రావాలి, రాకపోతే ఎక్కడో ఒక అంకె జారింది. దీన్ని సరిచూపుగా వాడుకోండి. జారేది సాధారణంగా ఒకే చోట. ఖర్చు వైపు షాడో వేజ్ వేసుకుని, లాభం వైపు పూర్తి కూలి కూడా వేసుకుంటారు. అప్పుడు జవాబు ప్లస్ రూ.5.27 లక్షలు వస్తుంది. సరైన జవాబుకూ దీనికీ తేడా సరిగ్గా తొమ్మిది లక్షలు, అంటే కూలి మొత్తం.

మైనస్ వచ్చిందని కంగారుపడి అంకెలు సర్దకండి. అలా సర్దిన అసైన్‌మెంటును మొదటి పేజీలోనే పసిగడతారు. మైనస్ అంటే ఈ కుంటల్ని కేవలం నీటి పనులుగా చూస్తే పెట్టుబడి తిరిగి రాలేదని అర్థం. పథకం పనికిరాదని కాదు. ఎవరికి ఎంత వచ్చిందో, ఎవరి దగ్గర్నుంచి పోయిందో విడదీసి ఒక చిన్న పట్టిక పెట్టండి:

| ఎవరు | నేటి విలువలో (రూ. లక్షలు) |
|---|---|
| కూలీలు (కూలి 9.00, వదులుకున్నది 3.90) | +5.10 |
| కుంట ఉన్న రైతులు | +3.89 |
| ప్రభుత్వం (పన్ను కట్టేవాళ్లు) | −12.72 |
| మొత్తం | −3.73 |

సొంత భూమిలో పని చేయించుకునే అవకాశం ఉపాధి హామీ చట్టం ప్రకారం ముందు ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల్లాంటివాళ్లకు, ఆ తర్వాత చిన్న, సన్నకారు రైతులకు. అంటే మొదటి రెండు వరుసల్లోనూ ఉన్నది దాదాపు ఒకే వర్గం. రూపాయి ఎవరి చేతిలో ఉన్నా ఒకటే విలువ అనుకుని చేసిన కూడిక ఇది. పేదింటి రూపాయికి ఎక్కువ బరువు ఇవ్వాలని మీరు అనుకుంటే దాన్ని దాచిపెట్టి కాకుండా అంకెగా పెట్టండి. కూలీల 5.10 లక్షలకు 1.5 బరువు ఇస్తే అదనంగా 2.55 లక్షలు కలుస్తాయి, మొత్తం మైనస్ 1.18కి దిగుతుంది. ఎంత బరువు దగ్గర సున్నా అవుతుందో తిప్పి అడగండి: 3.73ను 5.10తో భాగిస్తే 0.73, అంటే బరువు 1.73. "కూలీ చేతికి వచ్చిన రూపాయిని పన్ను కట్టేవాడి రూపాయి మీద 1.73 రెట్లుగా చూసేవాళ్లకు ఈ పని సమ్మతం, అంతకంటే తక్కువగా చూసేవాళ్లకు కాదు" అని రాయొచ్చు. 1.73 సబబా కాదా అన్నది లెక్క తేల్చేది కాదు. మీరు తేల్చకపోయినా ఫర్వాలేదు, చదివేవాళ్లకు ఏ అంకె మీద తేల్చుకోవాలో చూపించారు.

తర్వాతది సెన్సిటివిటీ, అంటే అంకెలు మారితే జవాబు ఎంత మారుతుందో చూడటం. ప్రతి అంకెనూ పది శాతం అటూఇటూ కదిపి పెద్ద పట్టిక వెయ్యడం ఆనవాయితీ అయిపోయింది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. జవాబును తిరగేసే అంకె ఏది అని వెతకాలి. డిస్కౌంట్ రేటుతో మొదలుపెట్టండి, అందరూ దాని మీదే గంటలు గడుపుతారు. 5 శాతం అయితే మైనస్ 3.14, 12 శాతం అయితే మైనస్ 4.34. గుర్తు మారలేదు, వదిలెయ్యండి.

కుంటకు ఎన్నెకరాలు అన్నది మార్చండి. రెండెకరాలు తడిస్తే ఏడాది లాభం 1,68,000 నుంచి 26,000 పోను 1,42,000, నేటి విలువ రూ.9.53 లక్షలు, జవాబు ప్లస్ 1.91. సున్నా దాటే చోటు దాదాపు 1.66 ఎకరాలు. అంటే ఈ అసైన్‌మెంటు భవితవ్యం అంతా కుంట సీజన్‌లో ఒకసారి నిండుతుందా, రెండుసార్లు నిండి వాడకంలోకి వస్తుందా అన్నదాని మీద ఉంది. మీరు ఊరికి వెళ్లి రైతుల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. "కుంట ఉపయోగపడుతోందా" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "పోయినేడు ఎన్నిసార్లు ఇంజను పెట్టారు, ఎంత చేను తడిసింది" అని అడగండి.

ఇంకిన 40 శాతం నీళ్లు ఏమయ్యాయని కూడా అడగొచ్చు. కొంత పక్కనున్న బోర్లకు చేరవచ్చు. అది నిజమైన లాభమే, కుంట యజమానిది కాకపోయినా. కానీ కుంటకు ముందు, తర్వాత బోరు ఎన్ని గంటలు పోసిందో తెలియకుండా దానికి అంకె వెయ్యకండి. మాటల్లో రాసి వదిలెయ్యడం మేలు.

రెండో కీలకం పని జరిగిన నెల. ఏప్రిల్, మే నెలల్లో బయట పని వందలో ఐదుగురికే దొరికితే షాడో వేజ్ రూ.58కి పడిపోతుంది (20 + 38), జవాబు మైనస్ 1.57. అదే వేరుశనగ విత్తేటప్పుడో పీకేటప్పుడో తవ్వించి, డెబ్బై మందికి బయట పని ఉండి ఉంటే షాడో వేజ్ రూ.292 (280 + 12), జవాబు మైనస్ 8.59. కుంట అదే, కూలి అదే, నెల మారితే ఏడు లక్షల తేడా. పని జరిగిన వారాలు హాజరు మస్టర్లలో ఉంటాయి, వాటిని చూడకుండా సంవత్సరం సగటుతో షాడో వేజ్ కట్టడం ఈ పథకం లెక్కల్లో పెద్ద లోపం. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం, విత్తనం, కోత రోజుల్లో ఏడాదికి 60 రోజుల వరకు పనులు ఆపే వీలు పెట్టింది. అది షాడో వేజ్‌ను తగ్గిస్తుందని ఒక వాదన. ఆ రోజుల్లో బయట పని దొరకని కూలీకి హామీ పోతుందన్నది, బేరమాడే బలం తగ్గుతుందన్నది ఎదుటి వాదన. రెండూ ఒక పేరాలో రాయండి.

ఆ చట్టం మీ లెక్కను ఇంకో చోట కూడా తాకుతుంది: ఎవరి తరఫున లెక్క? పాత చట్టం కింద అన్‌స్కిల్డ్ కూలి మొత్తం కేంద్రానిది, సామగ్రిలో 75 శాతం కేంద్రానిది, 25 రాష్ట్రానిది. రాష్ట్రం కోణంలో చూస్తే మన కుంటలకు దాని చేతి నుంచి పోయేది రూ.75,000 మాత్రమే. కూలీలు, రైతులు రాష్ట్రంవాళ్లే. కాబట్టి జవాబు ప్లస్ 8.24 లక్షలు. కొత్త చట్టంలో చాలా రాష్ట్రాలకు కేంద్ర, రాష్ట్ర వాటా 60:40. మొత్తం రూ.12.72 లక్షల మీద 40 శాతం వేస్తే రాష్ట్రానికి 5.09, జవాబు ప్లస్ 3.90కి తగ్గుతుంది. దేశం కోణంలో మాత్రం ఏదీ మారలేదు, అదే మైనస్ 3.73. "కేంద్రం డబ్బు కాబట్టి ఖర్చు కాదు" అని దేశం కోణంలో రాసిన వాక్యం ఉంటే కొట్టేయండి. మీ మొదటి పేజీలోనే ఎవరి కోణమో ఒక వాక్యంలో చెప్పేస్తే ఈ గందరగోళం రాదు.

పన్ను వసూలుకు కూడా ఒక ఖర్చు ఉంటుందని, రూపాయి పన్నుకు ఇరవై పైసల వృథా వేసుకోవాలని కొందరు మాస్టార్లు పట్టుబడతారు. వేస్తే మరో 2.54 లక్షలు పోయి మైనస్ 6.27 అవుతుంది. దాన్ని అదనపు కేసుగా చూపించండి, ప్రధాన లెక్కలో కలపకండి.

దొంగ మస్టర్ల సంగతి కూడా అడుగుతారు. పనిదినాల్లో పది శాతం రాని మనుషుల పేర్లతో ఉంటే, ఆ రూ.90,000 కూడా బదిలీయే, కాకపోతే కూలీకి కాదు, ఇంకెవరికో. సమయం ఎవరూ వదులుకోలేదు కాబట్టి షాడో వేజ్ ఖర్చు కూడా 300 రోజుల మేర తగ్గుతుంది. విచిత్రంగా మొత్తం జవాబు రూ.39,000 మెరుగవుతుంది! బరువులు వెయ్యని లెక్కకు ఉన్న గుడ్డితనం ఇది. పట్టికలో ఆ తొంభై వేలకు విడిగా ఒక వరుస పెట్టి, దానికి పేదల బరువు ఇవ్వకుండా ఉంటే విషయం బయటపడుతుంది. ఎలా పసిగట్టాలంటే, కుంట ఘనపరిమాణాన్ని మస్టర్లలోని పనిదినాలతో భాగించండి. మన ఉదాహరణలో 131ని 150తో భాగిస్తే మనిషికి రోజుకు 0.87 ఘనపు మీటరు. గట్టి నేలలో, రెండు మీటర్ల లోతు నుంచి పైకెత్తే పనికి ఇది నమ్మేలా ఉంది. అదే 0.3 వస్తే గుంత చిన్నదైనా అయి ఉండాలి, మనుషులు తక్కువైనా వచ్చి ఉండాలి. 2 వచ్చినా అనుమానించాలి, జేసీబీ తిరిగి ఉండొచ్చు. టేపు తీసుకెళ్లి రెండు కుంటలు మీరే కొలవండి, పూడిక పట్టిన మేర లోతును కూడా కలుపుకుని. ఆ పంచాయతీ సామాజిక తనిఖీ నివేదిక దొరికితే దానితో పోల్చండి.

డేటా దొరికే చోటు: ఉపాధి హామీ పథకం అధికారిక వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ దిగుకుంటూ పోతే పనివారీ ఖర్చు, మస్టర్లు, చెల్లింపు తేదీలు దొరుకుతాయి. పని కోడ్ రాసుకోండి, ఒకే కుంట రెండేళ్లలో రెండు ముక్కలుగా నమోదై ఉంటుంది ఒక్కోసారి. బయటి కూలి రేటుకు లేబర్ బ్యూరో గ్రామీణ కూలి రేట్లు ఉన్నాయి కానీ అవి రాష్ట్ర సగటు. ఊళ్లో పదిమందిని నెలవారీగా అడిగి తెచ్చిన రేటు మీ లెక్కకు ఎక్కువ పనికొస్తుంది. వేరుశనగకు మద్దతు ధర కాకుండా ఆ ఊరి రైతుకు నిజంగా చేతికొచ్చిన ధర వెయ్యండి. 2024–25లో మద్దతు ధర క్వింటాలుకు రూ.6,783, అందరికీ అది అందదు.

ఇక ఒక్క పంచాయతీ లెక్కలో పట్టనిది ఒకటుంది, దాన్ని పరిమితిగా రాయాలి. పథకం సక్రమంగా నడిస్తే ఊళ్లో బయటి కూలి రేటు కూడా పెరుగుతుంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో స్మార్ట్ కార్డుల ద్వారా చెల్లింపుల్ని మెరుగుపరిచినప్పుడు ఏమైందో మండలాలవారీగా పరీక్షించారు. ఎకనామెట్రికాలో 2023లో వచ్చిన వాళ్ల పత్రం ప్రకారం, లబ్ధిదారుల కుటుంబాల ఆదాయంలో పెరిగిన దాంట్లో 86 శాతం పథకం కూలి కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. బయట కూలి పెరగడమే కాదు, పని కూడా పెరిగింది. కూలి పెరిగినంత మేర అది భూమి ఉన్న రైతు నుంచి కూలీకి బదిలీ, పట్టికలో వరుసలు మారతాయి, మొత్తం మారదు. పని పెరిగినంత మేర మాత్రం కొత్త ఆదాయం, మొత్తంలో కలుస్తుంది. అయితే వాళ్లు కొలిచింది పథకం ఉండటానికీ లేకపోవడానికీ తేడాను కాదు, బాగా నడవడానికీ అంతంతమాత్రంగా నడవడానికీ తేడాను. కాబట్టి ఆ శాతాన్ని ఎత్తి మీ ఇరవై కుంటల మీద గుణించకండి.

చివరగా, అంతే డబ్బు నేరుగా ఖాతాల్లో వేస్తే ఏమయ్యేది అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి, వైవాలో అది ఖాయం. నగదు ఇస్తే షాడో వేజ్ ఖర్చు ఉండదు, సామగ్రి ఖర్చు ఉండదు. కుంటలూ ఉండవు. మన అంకెల్లో కూలీల సమయం, సామగ్రి కలిపి 6.90 లక్షలు పెట్టి నేటి విలువలో 3.89 లక్షల ఆస్తి తెచ్చుకున్నాం, కాబట్టి కుంటకు ఎకరం దగ్గర ఆగినంత కాలం నగదుదే పైచేయి. రెండెకరాలు తడిస్తే 9.53 లక్షలు, పై చేయి కుంటలది. కాకపోతే నగదు ఎవరికివ్వాలో జాబితా కావాలి, ఆ జాబితాలో ఎవరు చేరతారో, ఎవరు జారిపోతారో తెలియదు. ఎండలో మట్టి మొయ్యడానికి కలిగినవాళ్లు రారు, వచ్చినవాళ్లే జాబితా. ఆ వడపోతకు విలువ కట్టాలంటే మీ పంచాయతీలో మస్టర్లలోని కుటుంబాల్లో ఎంతమందికి ఎంత భూమి ఉందో రాసుకొచ్చి, ఊరి మొత్తం కుటుంబాలతో పోల్చండి.